షియర్ వాల్ చివర బౌండరీ ఎలిమెంట్ ఎంత పొడవు ఉండాలి?

ప్రశ్న: మధురవాడలో స్టిల్ట్ + 14 అపార్ట్‌మెంట్. లిఫ్ట్ పక్క షియర్ వాల్ 4 మీటర్ల పొడవు, 250 మందం, ఎం30, ఎఫ్‌ఈ 500. అడుగున డెడ్ లోడ్ 3500 కిలోన్యూటన్లు, భూకంపం మూమెంట్ 5000 (రెండూ ఫ్యాక్టర్ వేయనివి). గోడ మొత్తం వర్టికల్ స్టీలు 0.4 శాతం. ఈటాబ్స్ బౌండరీ ఎలిమెంట్ కావాలంటోంది. మా సీనియర్ "రెండు మందాలు, అంటే 500 ఇచ్చెయ్, చాలు" అంటున్నారు. కోడ్‌లో ఎంత వెతికినా పొడవు ఎక్కడా కనబడలేదు సర్. ఎంత ఇవ్వాలి?

జవాబు:

నేనైతే రెండు చివర్లా 850 పొడవు, 300 మందం ఇస్తాను. ఒక్కో చివర 16 మి.మీ. బార్లు 12, వాటికి 10 మి.మీ. రింగులు 80కి ఒకటి. ఈ 850 ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తాను, ఎందుకంటే మీ లోడ్లు మారితే ఆ అంకె కూడా మారుతుంది. నా అంకె ఎత్తి వేరే గోడకు పెట్టకండి.

మీరు వెతికింది నిజమే. ఐ.ఎస్. 13920:2016లో 10.4 క్లాజు బౌండరీ ఎలిమెంట్ ఎప్పుడు కావాలో చెబుతుంది, స్టీలు ఎంత ఉండాలో చెబుతుంది, రింగుల దూరం చెబుతుంది. పొడవు మాత్రం చెప్పదు. ఆ ఖాళీని ఒక్కో ఆఫీసు ఒక్కోలా పూడ్చుకుంటుంది. మీ సీనియర్ గారి "రెండు మందాలు" అలా పుట్టిందే. అసలు ఆ మాట అదే కోడ్‌లో పక్క క్లాజుది: బౌండరీ ఎలిమెంట్ అక్కర్లేని గోడకు, చివర కనీసం నాలుగు 12 మి.మీ. బార్లు, గోడ మందానికి రెండింతలకు మించని పొడవులో పెట్టమని ఉంది. అంటే బౌండరీ ఎలిమెంట్ లేని గోడ రూలు తెచ్చి, బౌండరీ ఎలిమెంట్ కావాల్సిన గోడకు తగిలిస్తున్నారన్నమాట.

ముందు అవసరమా కాదా చూద్దాం. గోడ విస్తీర్ణం 1.0 చదరపు మీటరు, సెక్షన్ మాడ్యులస్ 0.667 ఘనపు మీటర్లు. 1.5(డెడ్ + భూకంపం) కాంబినేషన్‌లో P = 5250, M = 7500.

```
σ = P/A ± M/Z = 5.25 ± 11.25
  = 16.5 MPa (నొక్కుడు), -6.0 MPa (లాగుడు)
0.2 fck = 6.0 MPa
```

16.5 ఎక్కడ, 6 ఎక్కడ. కావాలి, సందేహం లేదు. 16.5 చూసి ఎం30 గోడ నలిగిపోతుందేమో అని కంగారు పడకండి. కోడ్ ఈ లెక్కను పగుళ్లు లేని పూర్తి సెక్షన్ మీద, సరళరేఖలా చేయమంది. నిజం గోడలో లాగుడు వైపు ఎప్పుడో పగులుతుంది, ఆ అంకె ఎప్పటికీ రాదు. అది ప్రమాద ఘంట లాంటిది, మోగిందా లేదా అన్నది చూసుకోవడానికే.

ఇక్కడే రెండో పొరపాటు జరుగుతుంది. కొందరు ఈ సరళరేఖనే పట్టుకుని, ఒత్తిడి 6 మెగాపాస్కల్స్‌కి దిగే చోటు దాకా బౌండరీ ఎలిమెంట్ అంటారు. మీ గోడలో ఒత్తిడి 4 మీటర్లలో 22.5 మారుతోంది కాబట్టి 10.5 దిగడానికి 1867 మి.మీ. పడుతుంది. రెండు చివర్లా కలిపితే గోడ దాదాపు మొత్తం రింగుల మయం. మీ సీనియర్ లెక్కకు 500, ఈ లెక్కకు 1867. ఒకే గోడకు రెండు జవాబులు ఇంత దూరంలో ఉంటే, రెండూ తప్పు ప్రశ్నకు వచ్చిన జవాబులని అనుకోవాలి.

అసలు ప్రశ్న ఒత్తిడిది కాదు, స్ట్రెయిన్‌ది. పెద్ద భూకంపంలో గోడ అడుగున హింజ్ ఏర్పడి భవనం పక్కకు వాలినప్పుడు, నొక్కుడు అంచున కాంక్రీటు ఎంత కుదించుకుపోతుంది? అది తట్టుకోగలదా? రింగులు లేని కాంక్రీటుకు 0.0035 దాటితే పెచ్చులూడి పని అయిపోతుంది. కాబట్టి గోడలో ఎంత మేర 0.0035 దాటుతుందో అంత మేర రింగులతో బిగించాలి. ఇది తెలియాలంటే న్యూట్రల్ యాక్సిస్ అంచు నుంచి ఎంత లోతులో ఉందో తెలియాలి. ఆ లోతును c అందాం.

c ని రెండు తీరుల్లో తీయొచ్చు, తేడా గమనించండి. 13920 అనుబంధం సూత్రంలో వేస్తే మీ గోడకు 1958 వస్తుంది. అది కాంక్రీటు బలాన్ని 1.5తో భాగించిన లెక్క. బలం లెక్కకు అది సరైనదే. కానీ కాంక్రీటును కావాలని బలహీనం చేసి చూస్తే, అదే బరువు మోయడానికి ఎక్కువ లోతు నొక్కుడులోకి వెళ్తుంది. వంగుడు ఎంత తట్టుకుంటుందో తెలుసుకోవాలంటే నిజంగా ఉండే బలం వాడాలి. అందుకే నేను పొడవు తీయడానికి అమెరికా కోడ్ ఏసీఐ 318 పద్ధతి పట్టుకుంటాను. ఎం30 క్యూబ్ బలం కాబట్టి సిలిండర్‌కి మార్చి సుమారు 24 తీసుకున్నాను. గోడలో పరుచుకున్న 0.4 శాతం స్టీలు మి.మీ.కి 500 న్యూటన్లు ఇస్తుంది. మొత్తం యీల్డ్ అయిందనుకుంటే:

```
0.85*24*250*0.85c + 500c - 500(4000 - c) = 5250000
5335 c = 7250000
c = 1360 mm
```

చివర్లలో సమానంగా పెట్టే అదనపు బార్లు ఒకవైపు లాగుడు, ఒకవైపు నొక్కుడు కాబట్టి ఒకదానికొకటి కొట్టేసుకుంటాయి. c మీద వాటి ప్రభావం లేనట్టే. c ని పెంచేది గోడ మీద పడే బరువే. 0.9 డెడ్ కాంబినేషన్‌లో c తగ్గుతుంది, 1.5 డెడ్‌లో పెరుగుతుంది. అందుకే పొడవు ఎప్పుడూ ఎక్కువ బరువున్న కాంబినేషన్ నుంచే తీయాలి, లాగుడు స్టీలు తక్కువ బరువున్న కాంబినేషన్ నుంచి తీయాలి. చాలామంది రెండింటికీ ఒకటే కాంబినేషన్ వాడతారు.

ఇప్పుడు స్ట్రెయిన్ చూడండి. హింజ్ పొడవు గోడ పొడవులో సగం, అంటే 2 మీటర్లు అనుకుందాం. భవనం ఒక శాతం వాలితే వంపు మీటరుకు 0.005. దాన్ని 1.36తో గుణిస్తే అంచున 0.0068. పరిమితికి దాదాపు రెట్టింపు. 0.0035 వచ్చేది న్యూట్రల్ యాక్సిస్ నుంచి 700 దూరంలో. మిగిలిన బయటి 660 మి.మీ. రింగులు లేకపోతే నలిగిపోతుంది. 500 దగ్గర ఆపితే ఆ లోపలి 160లో రింగులు లేని కాంక్రీటు ముందు నలుగుతుంది. రింగులున్న భాగం ఎంత బాగున్నా దాని పక్కనే గోడ ఖాళీ అవుతుంది.

ఏసీఐ దీన్నే రెండు చిన్న సూత్రాలుగా పెట్టింది: c నుంచి గోడ పొడవులో పదో వంతు తీసేస్తే వచ్చేది, c లో సగం, రెండింటిలో పెద్దది. మనకు 1360 – 400 = 960, రెండోది 680. కాబట్టి 250 మందం గోడకు 960 కావాలి. 660 లెక్క కన్నా ఎక్కువే, కానీ పెచ్చులు ఊడిన తర్వాత న్యూట్రల్ యాక్సిస్ ఇంకా లోపలికి జరుగుతుంది కాబట్టి ఆ ఎక్కువ వృథా కాదు.

మరి నేను 850 అన్నానేం? మందం పెంచాను కాబట్టి. మందం ఎందుకు పెంచానంటే, వైజాగ్ గాలి వల్ల.

మీది స్టిల్ట్ బిల్డింగు. పై అంతస్తుల్లో ఈ గోడ ఇంటి లోపల, ప్లాస్టర్ వెనక ఉంటుంది. స్టిల్ట్‌లో మాత్రం నాలుగు వైపులా తెరిచి ఉంటుంది, సముద్రపు ఉప్పుగాలి నేరుగా తగులుతుంది. ఐ.ఎస్. 456 ప్రకారం తీరప్రాంతంలో బయటికి ఉన్న కాంక్రీటు 'సివియర్' కింద వస్తుంది, కవర్ 45 మి.మీ. హింజ్ వచ్చేదీ సరిగ్గా ఆ స్టిల్ట్‌లోనే. 250 గోడలో రెండు వైపులా 45 పోతే రింగుల మధ్య మిగిలేది 160. కవర్ ఊడిపోయాక గోడలో మూడో వంతుకు పైగా లేనట్టే. 300 చేస్తే 210 మిగులుతుంది. 30 కవర్ ఇచ్చి 250తో నెట్టుకొద్దాం అనే ఆలోచన రానివ్వకండి. తుప్పు పట్టిన రింగు భూకంపం దాకా ఆగదు.

చివర్లు 300 చేస్తే ఇంకో లాభం ఉంది. నొక్కుడు భాగం వెడల్పు పెరిగి c తగ్గుతుంది. 850 పొడవు, 300 మందంతో మళ్లీ వేస్తే c సుమారు 1200, పొడవు 800 వచ్చింది. ఇచ్చిన 850 సరిపోయింది. లిఫ్ట్ లాబీలోకి 50 మి.మీ. పొడుచుకొస్తుందని ఆర్కిటెక్టు గొణుగుతారు. గొణగనివ్వండి, ప్లాస్టర్ మందాలతో సర్దుకుంటుంది.

ఇక 850 × 300 ముక్కను పొట్టి కాలమ్‌గా చూడమంటుంది కోడ్. రెండు చివరి ముక్కల కేంద్రాల మధ్య దూరం 3150. మూమెంట్ మొత్తం రెండు చివర్లే మోస్తాయనుకుంటే 7500/3.15 = 2381 కిలోన్యూటన్లు. నిలువు బరువులో ఈ ముక్క వాటా విస్తీర్ణాన్ని బట్టి 5250లో సుమారు 1234. కలిపి 3615. ఇక సామర్థ్యం:

```
0.4 fck Ac + 0.67 fy Asc
= 0.4*30*252587 + 0.67*500*2413
= 3839 kN  >  3615
```

పన్నెండు 16 మి.మీ. బార్లు 2413 చదరపు మి.మీ., అంటే 0.95 శాతం. కోడ్ కనీసం 0.8 అంటుంది, ఆచరణలో 4 దాటొద్దంటుంది. మధ్య గోడ మోసే మూమెంట్ నేను లెక్కలోకే తీసుకోలేదు, కాబట్టి ఇది కాస్త గట్టి వైపే ఉంది.

ఇదే లెక్క మీ సీనియర్ 500 × 250కి చేసి చూడండి. మీద పడేది సుమారు 2800, కాంక్రీటు ఒక్కటే ఇచ్చేది 1500. మిగతాది స్టీలే మోయాలంటే 4000 చదరపు మి.మీ. పైగా కావాలి, అంటే 3.2 శాతం, 20 మి.మీ. బార్లు 13. అంత ఇరుకులో రింగులు, ల్యాపులు, కవర్ బ్లాకులు పెట్టి కాంక్రీటు పోయడం ఎలా ఉంటుందో సైట్‌లో ఒక్కసారి నిలబడి చూస్తే ఆయనే 850కి వస్తారు. పొడవు తగ్గిస్తే స్టీలు మిగులుతుందన్నది భ్రమ.

లాగుడు వైపు కూడా చూశాను. 0.9 డెడ్‌లో P = 3150, M = 7500. గోడలో పరుచుకున్న 0.4 శాతం స్టీలు ఒక్కటే 6750 మోస్తుంది. మిగిలిన 750కి ఒక్కో చివర సుమారు 550 చదరపు మి.మీ. అదనం చాలు. మనం అంతకు మూడు రెట్లు దాకా ఇస్తున్నాం.

రింగులు. దూరానికి మూడు పరిమితులు: మందంలో మూడో వంతు అంటే 100, సన్న బారుకు ఆరు రెట్లు అంటే 96, ఇంకా 100. నేను 80 పెట్టాను. రింగు సైజుకు సూత్రం:

```
Ash = 0.05 * Sv * h * fck / fy
    = 0.05 * 80 * 210 * 30 / 500 = 50.4 mm²
```

ఇక్కడ h అంటే రింగు పొడవాటి వైపు, బయటి నుంచి బయటికి. అది 300 దాటకూడదు. అందుకే 850 పొడవుకు ఒకే పెద్ద రింగు పెట్టి ఊరుకుంటే కుదరదు. ఆరు జతల బార్లు సుమారు 150కి ఒకటి వస్తాయి, లోపలి ప్రతి జతకూ క్రాస్ టై పడాలి. 8 మి.మీ. రింగు 50.3 ఇస్తుంది, అంచు మీద ఉంది. 10 మి.మీ. 78.5. అదే కాలమ్‌కు వాడే పెద్ద సూత్రం వేస్తే 92 వస్తుంది, కానీ గోడ చివరలకు కోడ్ అది అడగలేదు. విశాఖ జోన్ 2 కాబట్టి 10తో ఊరుకుంటాను. జోన్ 4లో ఇదే గోడ వస్తే 12 వేసేవాణ్ణి.

జోన్ 2లో 13920 ఐచ్ఛికమే కదా అని ఎవరైనా అడుగుతారు. అవును, కానీ మీరు R ఎంత తీసుకున్నారో చూసుకోండి. డక్టైల్ గోడ అని 4 గానీ 5 గానీ తీసుకుని మూమెంట్ తగ్గించుకుంటే, ఆ తగ్గింపుకు బదులు ఈ రింగులే. R = 3 తీసుకుని ఆర్డినరీ గోడగా చేస్తే వేరే సంగతి. ఇంకోటి, గాలి మూమెంట్ తీసి చూడండి. మన ఊరికి బేసిక్ విండ్ స్పీడ్ సెకనుకు 50 మీటర్లు, 2014 అక్టోబరులో హుద్‌హుద్ చూసిన వాళ్లకు చెప్పక్కర్లేదు. 45 మీటర్ల బిల్డింగుకు ఒక దిశలో గాలిదే పైచేయి కావడం మామూలే. అప్పుడు బలం లెక్క, నిలువు బార్లు గాలికి చేయండి. రింగుల లెక్క మాత్రం భూకంపానిదే. గాలికి గోడ యీల్డ్ కాకుండానే నిలబడాలి కాబట్టి గాలి కోసం రింగులు అక్కర్లేదు.

ఎంత ఎత్తు దాకా? ఒత్తిడి 0.15 fck, అంటే 4.5 దిగిన చోట ఆపొచ్చు. మీ ఫైలులో ప్రతి ఫ్లోరుకూ అదే P/A + M/Z వేయండి. ఉదాహరణకు ఎనిమిదో లెవెల్‌లో P = 2450, M = 1900 వస్తే 5.3, ఆపడానికి లేదు. తొమ్మిదో లెవెల్‌లో 2100, 1450 వస్తే 4.3, ఆపొచ్చు. 300 మందం మాత్రం పైదాకా అక్కర్లేదు. హింజ్ గోడ పొడవంత ఎత్తులో గానీ, గోడ మొత్తం ఎత్తులో ఆరో వంతులో గానీ, ఏది ఎక్కువైతే అందులో, అంటే అడుగు నుంచి 7.5 మీటర్లలో రావచ్చు. స్టిల్ట్, ఆపై రెండు అంతస్తులు, మూడింటికీ 300 ఉంచి పైన 250కి దిగండి. 250లో మందంలో మూడో వంతు 83 కాబట్టి రింగులు పైన కూడా 80కే ఉంటాయి. పైన c తగ్గుతుంది కాబట్టి పొడవు 850 ఉంచితే సరిపోతుందో లేదో ఆ లెవెల్ P తో మళ్లీ వేసుకోండి.

సైట్ గురించి ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఈ ఊళ్లోనే ఒక బిల్డింగులో డ్రాయింగ్ నాదే, రింగులు 80 అని బోల్డుగా రాశాను. స్టిల్ట్ గోడ పోసేశాక ఫినిషింగ్ చూద్దామని వెళ్తే, అడుగున ఒక చోట తేనెపట్టు కనబడింది. అనుమానంతో కవర్ మీటర్ పట్టి చూశాం. రాఫ్ట్ మీద నుంచి 350 మి.మీ. దాకా ఒక్క రింగు లేదు. కిక్కర్ పోసేటప్పుడు బార్లు మాత్రమే నిలబెట్టారు, "రింగులు తర్వాత పైనుంచి తొడుగుదాం" అనుకున్నారు. క్రాస్ టైలకు 135 డిగ్రీల కొక్కెం ఉంటే పైనుంచి దిగవు, కిక్కర్ దగ్గర చేతులు పట్టవు, వదిలేశారు. రింగులు ఎక్కువ కావాల్సిన చోటే లేవు. రాఫ్ట్‌లోకి దిగిన 300 మి.మీ.లో కూడా లేవని తర్వాత తెలిసింది. కవర్ కొట్టి, రింగులు రెండు ముక్కలుగా పెట్టి వెల్డ్ చేసి, మైక్రో కాంక్రీటు పోయించాను. తప్పు బార్ బెండర్‌ది మాత్రమే అనను. కిక్కర్ దగ్గర వివరం విడిగా గీయకపోవడం నాది.

అప్పటి నుంచి ఒక పెద్ద ఎలివేషన్ గీస్తాను. అందులో రాఫ్ట్ లోపల నాలుగు రింగులు, కిక్కర్‌లో నాలుగు, వాటి మీద మొదటి రింగు ఎక్కడో కొలతతో ఉంటుంది. ల్యాపులు స్టిల్ట్‌లో వద్దు, వీలైనంత వరకు ఆ హింజ్ ఎత్తు దాటాక పైన, ఒకే ఎత్తులో అన్నీ కాకుండా మార్చి మార్చి. కొక్కెం 135 డిగ్రీలు, తోక 10 మి.మీ. రింగుకు 65. 2010 ఫిబ్రవరిలో చిలీ భూకంపంలో సన్నటి షియర్ వాల్స్ ఎలా పోయాయో ఫొటోలు చూస్తే అర్థమవుతుంది: చివర కాంక్రీటు అడ్డంగా ఒక పట్టీలా ఊడిపోయింది, 90 డిగ్రీల కొక్కేలు విప్పుకున్నాయి, నిలువు బార్లు విల్లులా వంగాయి. పోసే ముందు రోజు సాయంత్రం వెళ్లి కొక్కేల్లోకి వేలు పెట్టి చూడండి. 90కి వంచి వదిలేసినవి మొదటి పది రింగుల్లోనే దొరికిపోతాయి.

మీ సీనియర్ గారికి చూపించడానికి ఒక్క కాగితం చాలు: 500 వేసిన చోట పొట్టి కాలమ్ లెక్క, పక్కనే 850ది. R విలువ, గాలి మూమెంట్, ఎనిమిదో లెవెల్ నుంచి పైకి P, M ఇక్కడ పెడితే మిగతాది చూసి చెప్తాను.